ముప్పయ్యో తారీఖున వేసిన నాలుగు వేలు

సంక్రాంతి సెలవుల్లో మా అమ్మ రెండు పుస్తకాలు ముందేసుకుని కూర్చుంది. ఒకటి ఆమె కుట్టుపని లెక్కలు రాసుకునే నోటుబుక్కు, ఇంకోటి బ్యాంకు పాస్‌బుక్కు. నోటుబుక్కు ప్రకారం 2025 డిసెంబరు ఆఖరుకి ఖాతాలో ఉండాల్సిన దానికంటే పాస్‌బుక్కులో 1,969 రూపాయలు తక్కువుంది. అమ్మ రెండుసార్లు కూడింది. మూడోసారి కూడాక "నేనే ఎక్కడో రాయడం మరిచిపోయుంటాలే" అంది. నాన్న తమిళంలో "పోనా పోగట్టుం" అనేశాడు.

నాకు మాత్రం మనసొప్పలేదు. అమ్మ ఒక జాకెట్టు కుడితే 250 రూపాయలు. రెండు వేలంటే ఎనిమిది జాకెట్లు. ఎనిమిది జాకెట్ల డబ్బు మరిచిపోయే మనిషి కాదు మా అమ్మ. అందుకని ఆ ఏడాది స్టేట్‌మెంటు మొత్తం ప్రింటు తీయించి, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను.

మొదట కనిపించింది పైసలతో ఉన్న చిన్న చిన్న అంకెలు. 2.70, 3.78, 4.14, 21.60. ఇవన్నీ జీఎస్టీ. బ్యాంకు ఒక చార్జీ పట్టుకుంటే దాని మీద నూటికి 18 చొప్పున పన్ను వేరే వరుసలో పడుతుంది. మధ్యలో ఇంకేవో లావాదేవీలు వస్తే చార్జీ ఒకచోట, దాని పన్ను ఇంకోచోట ఉంటాయి. పక్కన రాసేవి ఇంగ్లీషు పొట్టి అక్షరాలు. ఏ ఒక్కటీ పెద్ద మొత్తం కాదు కాబట్టి ఎవరి కంటా పడదు. నేను ప్రతి చార్జీకీ దాని పన్ను కలిపి, నాలుగు రకాలుగా విడదీసి రాసుకున్నాను: నిల్వ తగ్గినందుకు, ఏటీఎంకు, కార్డుకు, మెసేజీలకు.

అన్నిటికంటే పెద్దది నిల్వ తగ్గినందుకు పట్టిందే. ఈ ఖాతా అమ్మ గార్మెంటు కంపెనీలో పనిచేసినప్పుడు తెరిచింది. జీతం ఖాతా కాబట్టి అప్పుడు కనీస నిల్వ అడగలేదు. 2024లో అమ్మ ఉద్యోగం మానేసి ఇంట్లోనే కుట్టడం మొదలుపెట్టింది. కొన్ని నెలలు జీతం పడకపోయేసరికి ఖాతా తనంతట తానే మామూలు సేవింగ్స్ ఖాతా అయిపోయింది. పాస్‌బుక్కు అదే, నంబరు అదే, కార్డు అదే. మారింది నియమం ఒక్కటే: నెలకు సగటున 5,000 ఉండాలి, తగ్గితే తగ్గినదాని మీద నూటికి ఆరు రూపాయలు, పైన జీఎస్టీ.

ఇందులో 'సగటు' అనే మాట దగ్గరే అమ్మ మోసపోయింది. జూన్ నెల చూడండి. ఒకటో తారీఖునుంచి పదో తారీఖు దాకా ఖాతాలో 6,200 ఉంది. పదకొండున నా కాలేజీ ఫీజుకు 5,000 తీసింది. మిగిలింది 1,200. నెలాఖరులో బ్యాలెన్స్ తక్కువుంటే కోస్తారని ఎవరో చెబితే, ముప్పయ్యో తారీఖున పక్కింటి అక్క దగ్గర 4,000 అప్పు తెచ్చి ఖాతాలో వేసింది. 5,200 అయింది కదా, ఇక భయం లేదనుకుంది. మరుసటి నెల 120 రూపాయలు, దాని మీద 21.60 పన్ను పట్టేశారు.

బ్యాంకు చూసేది నెలాఖరు నిల్వ కాదు. ప్రతిరోజూ పని ముగిసేసరికి ఎంత ఉందో అది తీసుకుని, నెలంతా కూడి, రోజుల సంఖ్యతో భాగిస్తుంది. పది రోజులు 6,200 చొప్పున 62,000. తర్వాత పంతొమ్మిది రోజులు 1,200 చొప్పున 22,800. చివరి రోజు 5,200. మొత్తం 90,000. ముప్పైతో భాగిస్తే సరిగ్గా 3,000. ఐదు వేలకు రెండు వేలు తక్కువ, దానికి ఆరు శాతం 120. పాస్‌బుక్కులో అంకె, నా కాగితంలో అంకె ఒకటే రావడంతో నాకు ఒళ్లు జలదరించింది.

మరి ఆ అప్పు తెచ్చిన 4,000 ఏం చేసింది? అది ఖాతాలో లెక్కకొచ్చింది ఒక్క రోజే కాబట్టి సగటును 133 రూపాయలు మాత్రమే పెంచింది. అది వేయకపోయుంటే అమ్మ కట్టాల్సింది 151.04. వేసినందువల్ల కట్టింది 141.60. నాలుగు వేలు చేబదులు అడగడానికి పక్కింటి గుమ్మం ముందు అంతసేపు నిలబడినందుకు మిగిలింది తొమ్మిది రూపాయల 44 పైసలు.

ఇదే లెక్కను తిరగేస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. అమ్మ ఆ ఐదు వేలను జూన్ 11న కాక 24న తీసుంటే, పైసా అప్పు తేకపోయినా సగటు 5,033 వచ్చేది, చార్జీ ఉండేది కాదు. ఖాతాలో ఎంత ఉందన్నది ఎంత ముఖ్యమో, ఎన్ని రోజులు ఉందన్నదీ అంతే ముఖ్యం. కానీ ఫీజు గడువు పన్నెండో తారీఖు. పేదవాళ్ల ఖర్చులు సగటు చూసుకుని రావు.

అలా ఏడాదిలో ఎనిమిది నెలలు సగటు తగ్గింది. ఎనిమిది నెలల తరుగూ కలిపితే 17,500. దాని మీద 1,050, పన్నుతో 1,239 రూపాయలు.

రెండోది ఏటీఎం. మా వీధి చివర ఉన్న ఏటీఎం వేరే బ్యాంకుది. మన చెన్నైలాంటి ఆరు మెట్రో నగరాల్లో వేరే బ్యాంకు ఏటీఎంను నెలకు మూడుసార్లే ఉచితంగా వాడుకోవచ్చు. మిగతా ఊళ్లలో అయితే ఐదుసార్లు. డబ్బు తీస్తేనే ఒకసారి అనుకుంటాం. ఎంత ఉందో చూసుకున్నా అది ఒకసారి కిందే లెక్క. అమ్మ ముందు బ్యాలెన్స్ చూసి, తర్వాత తీస్తుంది. ఇంకోసారి వెళ్లి మళ్లీ చూస్తుంది, అక్కడికి మూడూ అయిపోయాయి. ఇక ఆ వెంటనే తీసే ఐదు వందలకు చార్జీ పడుతుంది. ఆ చార్జీ ఏప్రిల్ దాకా 21 రూపాయలు, పన్నుతో 24.78. 2025 మే ఒకటినుంచి రిజర్వు బ్యాంకు దాని పైపరిమితిని 23కు పెంచింది, పన్నుతో 27.14. అమ్మకు మొదటి నాలుగు నెలల్లో ఆరుసార్లు, తర్వాత పద్నాలుగుసార్లు పడింది. మొత్తం 528.64. ఐదు వందలు తీయడానికి 27 రూపాయలంటే నూటికి ఐదున్నర దాకా అవుతుంది. అదే రెండు వేలు ఒకేసారి తీసినా చార్జీ అంతే. కొంచెం కొంచెం తీస్తే పొదుపని అమ్మ అనుకునేది. ఇక్కడ అది తలకిందులైంది.

కార్డుకు ఏడాదికి 200, పన్నుతో 236. మెసేజీలకు మూడు నెలలకోసారి 15, పన్నుతో 17.70, ఏడాదికి 70.80. ఈ మెసేజీల సంగతి వింటే మీకు నవ్వొస్తుంది, మాకు రాలేదు. అవన్నీ అమ్మ ఎప్పుడో వదిలేసిన పాత నంబరుకు వెళ్లాయి.

నాలుగూ కలిపితే 2,074.44. బ్యాంకు నాలుగు విడతల్లో ఇచ్చిన వడ్డీ 105. అది తీసేస్తే 1,969.44. అమ్మ నోటుబుక్కులో తేలని 1,969 ఇదే. ఏడాది పొడుగునా ఆ ఖాతాలో సగటున ఉన్నది 3,875 రూపాయలు. అంటే దాచుకున్నదాంట్లో సగానికి పైగా, దాచుకున్నందుకే పోయింది. అమ్మకు చూపిస్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే నేను మరవలేదన్నమాట" అంది. డబ్బు పోయిందన్న బాధకంటే ఆ మాటలో ఊరటే ఎక్కువ వినిపించింది నాకు.

మర్నాడు ఇద్దరం బ్యాంకుకు వెళ్లాం. నేను ముందే చదువుకుని వెళ్లాను. 2015 ఏప్రిల్‌నుంచి ఉన్న రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం, నిల్వ తగ్గిందని బ్యాంకు ఖాతాదారుకు మెసేజీ ద్వారానో ఉత్తరం ద్వారానో తెలపాలి. అప్పటినుంచి నెలలోపు సరిచేసుకోకపోతేనే చార్జీ పట్టాలి. చార్జీ కూడా తరుగును బట్టే ఉండాలి. ఇవి చెప్పి, మాకు ఏ కబురూ రాలేదన్నాను. ఆ ఆఫీసరు మర్యాదగానే కంప్యూటరు తిప్పి చూపించారు. "పంపామమ్మా, మీరిచ్చిన నంబరుకే పంపాం." చూస్తే పాత నంబరు. ఇక నా దగ్గర మాట లేదు. పోయిన డబ్బు తిరిగి రాలేదు. నంబరు మార్చడానికి ఒక ఫారం, అంతే. ఆ ఫారం ఏడాది ముందు నింపుంటే బాగుండేదని దారిపొడుగునా అనుకున్నాను.

ఐదు వేలూ కదపకుండా ఉంచేస్తే సరిపోదా అని నాన్న అడిగాడు. అదీ లెక్కేశాను. నూటికి రూపాయి నెలవడ్డీకి అప్పు తెచ్చి ఐదు వేలు ఖాతాలో పెట్టినా ఏడాదికి 600 అవుతుంది, 1,239 కంటే తక్కువే. కానీ ఆ ఐదు వేలు పేరుకే మనవి. జ్వరమొచ్చినా, ఫీజు వచ్చినా ముట్టుకోకూడదు. అత్యవసరానికని పెట్టుకున్న ఖాతాలో అత్యవసరానికి తీయకూడని డబ్బు ఎందుకు?

చివరికి అమ్మ ఆ ఖాతాను 'బేసిక్ సేవింగ్స్' ఖాతాగా మార్పించుకుంది. ఇది ప్రతి బ్యాంకులోనూ ఉండాలి, కనీస నిల్వ అక్కర్లేదు, ఏటీఎం కార్డుకు చార్జీ లేదు. అడిగితే తప్ప ఎవరూ చెప్పరు. దీనికీ హద్దులున్నాయి. నెలకు నాలుగుసార్లు తీయడమే గట్టిగా ఉచితం, ఐదోసారికి ఆ బ్యాంకు ఏం పడుతుందో ముందే అడిగి తెలుసుకోవాలి. అదే బ్యాంకులో ఇంకో సేవింగ్స్ ఖాతా ఉండకూడదు. అమ్మకు నాలుగుసార్లు చాలు. ఇప్పుడు వారానికోసారి, ఆ వారానికి సరిపడా తీస్తోంది. బ్యాలెన్స్ మెషీన్‌లో చూడదు, నోటుబుక్కులో చూసుకుంటుంది. ఆ నోటుబుక్కు లెక్క తప్పదని ఇప్పుడు మా ఇంట్లో అందరికీ తెలుసు.

మనలో చాలామందికి స్కాలర్‌షిప్పు కోసం తెరిచిన ఖాతాలున్నాయి. మీ పాస్‌బుక్కులో పైసలతో ముగిసే అంకె ఏదైనా కనిపిస్తే దాన్ని 0.18తో భాగించి చూడండి. 4.14 అయితే 23 వస్తుంది. ఆ 23 దేనికి పోయిందో పైన ఏదో ఒక వరుసలో రాసే ఉంటుంది.