లారీకి తరుగుదల ఉంది, చదువుకి లేదు

దేవరాపల్లిలో చెరకు పండించే మా నాన్న, నేను కలిసి బ్యాంకులో ఎడ్యుకేషన్ లోన్ తీసుకున్నాం. ఏడాది వడ్డీ దాదాపు 40,000. "వడ్డీకి టాక్స్ మినహాయింపు ఉంటుంది కదా!" అంటారు అందరూ.

2026 మార్చి దాకా అది 1961 ఆదాయపు పన్ను చట్టంలోని సెక్షన్ 80ఈ. కట్టిన వడ్డీని ఎనిమిదేళ్ల దాకా ఆదాయంలోంచి తీసేస్తారు. అసలుకి వర్తించదు, ఊళ్లో చేబదులుకీ వర్తించదు. పాత పన్ను విధానంలో 20 శాతం కట్టే ఉద్యోగికైతే, సెస్‌తో కలిపి 8,320 మిగులుతాయి. నాన్నకి మిగిలేది సున్నా. వ్యవసాయ ఆదాయానికి పన్నే లేనప్పుడు తగ్గించేదేముంది? రేపు నేను జీతంలోంచి కట్టినా, కొత్త విధానంలో ఈ మినహాయింపు లేదు.

అదే 1961లో ఆర్థికవేత్త థియోడర్ షుల్జ్ ఒక వ్యాసం రాశాడు. చదువు మనిషి మీద పెట్టే పెట్టుబడి అనీ, అది కూడా యంత్రంలాగే అరుగుతుందనీ, పన్ను చట్టాలకి మాత్రం ఆ సంగతి కనపడదనీ ఆయన వాదన. నిజమే. లారీ కొని లెక్కలు రాసే వ్యాపారికి వడ్డీతో పాటు లారీ ధర కూడా తరుగుదల పేరుతో ఏటా కొంత తగ్గుతుంది. నేను నేర్చుకునే కోడింగ్ లారీ కంటే ముందే పాతబడొచ్చు. అయినా ఫీజుకి తరుగుదల లేదు.

అందుకే పన్ను కట్టని ఇళ్లకి కావాల్సింది మినహాయింపు కాదు. చదువుతున్నన్నాళ్లూ వడ్డీని ప్రభుత్వమే భరించే సబ్సిడీ.