రేకుపెట్టెలోని కాగితం

నేను రాయచోటి పక్కన ఒక చిన్న పోస్టాఫీసులో ముప్పయ్యేళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాను. ఉమ్మడి కడప జిల్లాలో మా వైపు ఊళ్ల పోస్టాఫీసుల్లో పనిచేసినవాళ్లకు కువైట్ సగం సొంతూరు లాంటిది. ఒకప్పుడు నీలం రంగు ఎయిర్ మెయిల్ కవర్లు వచ్చేవి. చదవడం రాని ఆడవాళ్లు నా బల్ల దగ్గరే నిలబడి ఉత్తరం చదివించుకుని, కొంగుతో కళ్లు తుడుచుకుని పోయేవాళ్లు. తర్వాత ఉత్తరాలు పోయి సెల్‌ఫోన్లు వచ్చాయి. అయినా పాస్‌పోర్టులు మాత్రం స్పీడ్ పోస్టులో నా చేతుల మీదుగానే వెళ్లేవి. అన్ని పాస్‌పోర్టులు పంచినవాణ్ణి, వాటి వెంట ఉండాల్సిన ఒక కాగితం గురించి మా సొంత ఇంట్లో దెబ్బ తగిలేదాకా పట్టించుకోలేదు.

మా చిన్నమ్మ కొడుకు 2019 మార్చిలో కువైట్ వెళ్లాడు. ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరు పని. ఏడో తరగతితో చదువు ఆపేసినవాడు. పది కూడా పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర ఉంటుంది. అంటే గల్ఫ్ లాంటి దేశాలకు పనికి పోవాలంటే ముందు మన ప్రభుత్వం నుంచి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. ఆ క్లియరెన్స్ కావాలంటే ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ తప్పనిసరి. ఈ పథకం 2003లో మొదలైంది. 2017 ఆగస్టు నుంచి బీమా మొత్తం పది లక్షలు. రెండేళ్లకైతే 275 రూపాయలు, మూడేళ్లకైతే 375. పన్ను అదనం. మావాడికి ఆ పని ఏజెంటే చేయించాడు. లక్ష రూపాయలు తీసుకున్నవాడికి ఈ మూడొందలు ఒక లెక్కా? ఒక కాగితం చేతిలో పెట్టి, "ఇది ఎయిర్‌పోర్టులో అడిగితే చూపించప్పా" అన్నాడట. ఎయిర్‌పోర్టులో ఎవరూ అడగలేదు. మావాడు దాన్ని ఫొటో తీసి భార్యకు పంపి, అసలు కాగితం తన పెట్టెలో పడేశాడు.

2021 సెప్టెంబరు 17 రాత్రి జహ్రా వైపు రోడ్డులో బండి ఆగిపోయింది. దిగి తోస్తుంటే వెనక నుంచి ఒక వాహనం గుద్దేసి ఆగకుండా వెళ్లిపోయింది. అదెవరిదో ఈనాటికీ తేలలేదు. ఆసుపత్రిలో కుడికాలు మోకాలి కింద తీసేశారు. మూడు నెలల తర్వాత కఫీల్ రెండు నెలల జీతం, విమానం టికెట్టు ఇచ్చి పంపించాడు. మా మరదలు చెన్నై ఎయిర్‌పోర్టుకు వెళ్లి చక్రాల కుర్చీలో తీసుకొచ్చింది. అప్పటికి ఏజెంటు అప్పు కూడా పూర్తిగా తీరలేదు.

కాస్త కుదుటపడ్డాక వాడే రేకుపెట్టె తెరిపించి, "అన్నా, ఇన్సూరెన్సు కాయితం ఉండాది చూడు" అన్నాడు. నేను కళ్లజోడు పెట్టుకుని చదివాను. పేరు సరిగానే ఉంది. మొత్తం పది లక్షలు. శాశ్వత వైకల్యం వచ్చి ఉద్యోగం పోతే చెల్లించాలని స్పష్టంగా ఉంది. నా గుండె కాస్త తేలికపడింది. ఆ తర్వాత తేదీల గడి దగ్గరికి వచ్చాను. 2019 మార్చి 12 నుంచి 2021 మార్చి 11 వరకు. ప్రమాదం జరిగిన రోజుకు పాలసీ ముగిసి ఆరు నెలల ఆరు రోజులు.

అయినా వెళ్లి అడిగాం. కౌంటర్లో ఉన్న అబ్బాయి మర్యాదస్తుడు. కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, కంప్యూటర్లో చూసి తల అడ్డంగా ఊపాడు. "గడువులో ఉండుంటే ప్రమాదానికీ వైకల్యానికీ కువైట్‌లోని మన ఎంబసీ ఇచ్చే ధ్రువపత్రమే మాకు ఆధారమయ్యేది సార్, మేం వేరే విచారణ పెట్టేవాళ్లం కాదు" అన్నాడు. ఆ మాట మరీ బాధపెట్టింది. అన్నీ ఉన్నాయి, తేదీ ఒక్కటే లేదు.

"రెన్యువల్ చేయించమని ఒక ముక్క చెప్పలేదే?" అని అడిగాను. పాలసీ మీదున్న ఫోన్ నంబరు చూడమన్నాడు. అది మా తమ్ముడిది కాదు, మరదలిదీ కాదు. ఏజెంటు తన నంబరే వేసుకున్నాడు. కంపెనీ ఎవరికైనా కబురు పంపి ఉంటే అది ఆ ఏజెంటు ఫోన్లోనే పడి ఉంటుంది.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. క్లియరెన్స్ కోసం పాలసీ మొదటిసారి వెళ్లేటప్పుడు తీసుకుంటారు. అక్కడ ఉండేదేమో పదేళ్లు, పదిహేనేళ్లు. అకామా ఏటా రెన్యువల్ అవుతుంది, ఎందుకంటే అది లేకపోతే పోలీసు పట్టుకుంటాడు. పాస్‌పోర్టు రెన్యువల్ అవుతుంది, ఎందుకంటే అది లేకపోతే ఇంటికి రాలేరు. ఈ బీమా ముగిస్తే మాత్రం ఎవరూ పట్టుకోరు, ఏ పనీ ఆగదు. అందుకే ఎవరికీ గుర్తుండదు. నిజానికి 2017 నుంచి దీన్ని ఆన్‌లైన్లోనే పొడిగించుకోవచ్చు, అందుకోసం ఇంటికి రానక్కర్లేదు. emigrate.gov.in లో పాలసీ ఇచ్చే కంపెనీల వివరాలు ఉంటాయి. పాలసీ నంబరు, పాస్‌పోర్టు నంబరు దగ్గర పెట్టుకుని గడువు తీరకముందే ఆ పని చేసుకోవాలి.

దీనిలో నాకు నచ్చిన గుణం ఇంకోటుంది. యజమాని మారినా, పనిచేసే చోటు మారినా ఇది చెల్లుతుంది. కువైట్‌లో వైద్యబీమా అలా కాదు, అది అకామాతో ముడిపడింది. కొట్టే ఇంటి నుంచి పారిపోయి వచ్చిన కద్దామాకు, అంటే ఇంటిపని చేసే మనిషికి, అకామా రద్దయితే ఆ వైద్యబీమా కూడా పోతుంది. మన పాలసీ మాత్రం గడువులో ఉంటే ఆమె పేరున అలాగే ఉంటుంది. ఆసుపత్రి ఖర్చుకు లక్ష దాకా, ఒక్కోసారికి యాభై వేలకు మించకుండా ఇస్తుంది. ఉద్యోగానికి సంబంధించి కోర్టుకెక్కాల్సి వస్తే 45 వేల దాకా లాయరు ఖర్చు కూడా ఉంది. ఈ సంగతి తెలిసిన మనిషిని మా మండలంలో నేనింతవరకు చూడలేదు.

ఇదంతా ఎమిగ్రేషన్ దారిలో వెళ్లినవాళ్లకే. విజిట్ వీసా మీద ఇంకో దేశంలో దిగి, అక్కణ్ణుంచి కువైట్‌కు మార్చబడే ఆడవాళ్లు మా వైపు ఉన్నారు. వాళ్లకు క్లియరెన్సూ ఉండదు, పాలసీ కూడా ఉండదు.

పాలసీ ఉన్నా రాని సందర్భమూ చూశాను. మా పక్క వీధి ఆమె కువైట్‌లో ఇంటిపని చేస్తూ ఒక రాత్రి నిద్రలోనే పోయింది. గుండె ఆగిందని రాశారు. శవాన్ని పంపే ఖర్చు కఫీలే పెట్టుకున్నాడు. పాలసీకి ఇంకా పద్నాలుగు నెలల గడువుంది. ఆమె కొడుకు పరుగెత్తుకుంటూ నా దగ్గరికొచ్చాడు. కానీ పది లక్షలు ప్రమాద మరణానికే. ఎండలో, చాకిరీలో అరిగిపోయి ఆగిన గుండెను ఈ బీమా ప్రమాదం అనదు. ఆ పిల్లాడికి ఆ మాట చెప్పడం నా వల్ల కాలేదు. మరునాడు చెప్పాను.

దానికి వేరే దారి ఉంది. ఏ కారణంతో పోయినా రెండు లక్షలు వచ్చే జీవన్ జ్యోతి బీమా ఏడాదికి 436 రూపాయలు. ప్రమాదానికి మాత్రమే వర్తించే సురక్షా బీమా ఇరవై రూపాయలు. జీవన్ జ్యోతిలో చేరేనాటికి యాభై ఏళ్లు దాటకూడదు. మనదేశంలో బ్యాంకు ఖాతా ఉంటే విదేశాల్లో ఉన్నవాళ్లకూ ఇవి వర్తిస్తాయి, డబ్బు మాత్రం ఇక్కడ రూపాయల్లోనే ఇస్తారు. చిక్కల్లా మే నెలాఖరున. ఆ రోజుల్లో ప్రీమియం ఖాతా నుంచి దానంతటదే కోసుకుంటారు. జూన్ ఒకటి నుంచి కొత్త ఏడాది మొదలు. ఖాతాలో ఆ కాస్త డబ్బు లేకపోతే బీమా లేదు. కువైట్ నుంచి డబ్బు పడ్డ రోజే మొత్తం గీకేసే ఇళ్లు మావన్నీ.

మా తమ్ముడి ఖాతాలో 2021 మే నెలలో నూట నలభై రూపాయలు మిగిలాయి. ఎందుకు మిగిలాయో మరదలికే తెలియదు. అందులోంచి సురక్షా బీమాకు అప్పటి రేటు పన్నెండు రూపాయలు పోయాయి. పాసు పుస్తకంలో ఆ పన్నెండు చూసి నేను ఎగిరి గంతేసినంత పనిచేశాను. ఒక కాలు పోతే లక్ష. అరబ్బీ పోలీసు కాగితానికి తర్జుమా, ఎంబసీ ముద్ర, ఇక్కడి ప్రభుత్వాసుపత్రి వైకల్య ధ్రువపత్రం అన్నీ కూడేసరికి ఏడు నెలలు పట్టింది. లక్ష వచ్చింది. అది అప్పుకే పోయింది.

కర్నూలులో మా అక్క మనవడు సరుకు ఓడ మీద పనిచేస్తాడు. ఈ కథంతా విని వాడు ఆశ్చర్యపోయాడు. వాళ్లది వేరే పద్ధతి. సీడీసీ పుస్తకం ఉన్న నావికుడికి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదు, ఈ పాలసీ పనీ పడదు. అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం 2017 జనవరి నుంచి ఓడ యజమానే బీమా పూచీ చూపించాలి. ఆ పత్రాన్ని ఓడలో అందరికీ కనబడేలా గోడకు తగిలించాలి. రెండు నెలలు జీతం ఆపితే నావికుణ్ణి వదిలేసినట్టే లెక్క. నాలుగు నెలల దాకా బకాయి జీతం, ఇంటికి చేర్చే ఖర్చు ఆ బీమావాళ్లే భరించాలి. "ఎక్కగానే ఆ కాగితం మీద తేదీ చూసుకుంటాం తాతా" అన్నాడు. మావాళ్ల కాగితం గోడ మీద ఉండదు, పెట్టె అడుగున ఉంటుంది.

2024లో మా మరదలే కువైట్‌కు ప్రయాణమైంది. కాలు లేని మొగుడికి చిల్లర అంగడి పెట్టించింది గానీ వడ్డీ ఆగలేదు. ముప్పయ్యేళ్లు నిండని ఆడవాళ్లకు క్లియరెన్స్ ఇవ్వరు, ఆమెకు ముప్పయ్యారు. ఇంటిపనికి ఆడవాళ్లను ప్రయివేటు ఏజెంట్లు పంపకూడదు, ప్రభుత్వ సంస్థ ద్వారానే వెళ్లాలి. అలాగే వెళ్లింది. ఈసారి కాగితాలన్నీ నేనే దగ్గరుండి చూశాను. మూడేళ్ల పాలసీ తీయించాను. నామినీగా కూతురి పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయించాను. ఫోన్ నంబరు తమ్ముడిది ఇచ్చాం. తేదీని వాళ్ల వంటింటి తలుపు లోపలి వైపు పెయింటుతో రాశాను. తమ్ముడు చూసి నవ్వాడు గానీ చెరపలేదు.

విమానం ఎక్కే ముందు ఆమె ఫోన్ చేసింది. పిల్ల గురించి చెప్పింది, ఆవు ఈనే రోజులని చెప్పింది. పెట్టేసే ముందు, "బావా, ఆ తేదీ ఇంగొకసారి చెప్పు" అంది.

"2027 ఆగస్టు 18" అన్నాను. "దానికి నెల ముందే చేపియ్యాల."

ఆమె ఆ తేదీని రెండుసార్లు పైకి అనుకోవడం నాకు ఫోన్లో వినబడింది.