నూట యాభై తేడా

వదినా, ఇలా గోడ దగ్గరికి రండి, వచ్చేటప్పుడు ఆ లెక్కల పుస్తకం కూడా పట్టుకురండి. రాత్రి పదింటి దాకా మీ ముందుగదిలో లైటు వెలుగుతూనే ఉంది. అన్నయ్యగారు నోట్లు మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టడం మా వంటింట్లోకి వినపడుతోంది. ఏమిటీ, నూట యాభై తక్కువొచ్చిందా? పోతే పోయింది, రెండు జాకెట్టు ముక్కల ఖరీదే కదా అని వదిలేశారా! అలా వదిలేసేది కాదండీ అది. తేడా చిన్నదైతే తప్పు కూడా చిన్నదేనని ఎక్కడుంది?

కూర్చుని చూద్దాం. ముందు ఒక మాట చెప్పండి, కొట్లో అంటించిన క్యూఆర్ అన్నయ్యగారి సొంత ఫోనుదేనా? కాదా, దుకాణం పేరు మీద కొత్తది తీసుకున్నారా? బతికించారు. సొంత ఫోను క్యూఆర్ పెట్టుకుంటే మీ అబ్బాయి వేసిన డబ్బు, చీటీ పాట డబ్బు, గిరాకీ డబ్బు అన్నీ ఒకే చాంతాడులో కనపడతాయి. రాత్రి ఏది ఏమిటో ఏరుకోవడంతోనే సరిపోతుంది. దుకాణం క్యూఆర్‌కి ఏముందీ, పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, కొట్టు బోర్డు ఫోటో లాంటివి అడుగుతారు, అంతే. అంటించిన రోజున మాత్రం ఇంట్లో ఇంకో ఫోనుతో ఒక రూపాయి కొట్టి చూడాలి. స్కాన్ చేస్తే ఏ పేరు వస్తోంది, ఆ రూపాయి ఏ ఖాతాకి చేరింది అని. మీ స్టిక్కరు వీధివైపు తలుపుకే ఉంది కాబట్టి పొద్దున్నే షట్టరు తీసినప్పుడు కూడా ఒకసారి స్కాన్ చేసి పేరు చూసుకోండి. రాత్రికి రాత్రి దానిమీద ఇంకొకడు తన స్టిక్కరు అంటించి పోతే, గిరాకీ మీకొస్తుంది, డబ్బు వాడికి పోతుంది.

సరే, నిన్నటి లెక్క. పుస్తకంలో అమ్మకం 7,460. గల్లాలో నోట్లు, చిల్లర కలిపి 3,180. అందులో పొద్దున మీరే చిల్లరకని పెట్టిన వెయ్యి ఉంది కదా, తీసేస్తే 2,180. యాప్‌లో నిన్నటి మొత్తం 5,130. రెండూ కలిపితే 7,310. అదీ మీ నూట యాభై.

ఇప్పుడు గుర్తు చేసుకోండి. లైనింగు గుడ్డ పట్టుకెళ్ళిన టైలరమ్మ డబ్బిచ్చిందా? ఖాతాలో రాసుకోమందా? ఎంత, 350. చూశారా, అమ్మకంలో రాశారు, డబ్బు మాత్రం రాలేదు. అదే టైలరమ్మ పోయిన వారం బాకీ 600 సాయంత్రం స్కాన్ చేసింది, నేనప్పుడు అక్కడే ఉన్నాను. అది యాప్‌లో పడింది, నిన్నటి అమ్మకం మాత్రం కాదు. ఇక దారాల రీళ్ళు తెచ్చిన అబ్బాయికి గల్లాలోంచి ఎంతిచ్చారు? 400. అది ఎక్కడా రాయలేదు! 7,460లో 350 తీసి, 600 కలిపి, 400 తీయండి. 7,310. పైసా పోలేదు వదినా. మూడు పెద్ద మొత్తాలు ఒకదాన్నొకటి చెరిపేసుకుని నూట యాభైగా మిగిలాయి. పొరపాటున టైలరమ్మ 450 బాకీ తీర్చి ఉంటే తేడా 300 వచ్చేది. 750 తీర్చి ఉంటే తేడాయే కనపడక లెక్క సరిపోయిందని నిద్రపోయేవారు, టైలరమ్మ ఖాతాలో మాత్రం పాత బాకీ అలాగే ఉండిపోయేది.

ఇంకోటుంది, మీరు చెప్పలేదు. ఏటీఎంలో డబ్బు లేదని కాలేజీ కుర్రాడు 500 స్కాన్ చేసి నోటు పట్టుకెళ్ళాడే! మొత్తం మీద దానివల్ల తేడా రాదు, గల్లాలో తగ్గింది యాప్‌లో పెరిగింది. కానీ నగదు అమ్మకమెంత, స్కాన్ అమ్మకమెంత అని విడివిడిగా చూస్తే రెండూ చెడతాయి. యాప్‌లో 5,130 ఉన్నా, పాత బాకీ 600, ఈ 500 తీసేస్తే మీ స్కాన్ అమ్మకం 4,030 మాత్రమే. 2025లో కర్ణాటకలో చిన్న కొట్లవాళ్ళకి యూపీఐ వసూళ్ళు చూసి పన్ను నోటీసులొచ్చాయని టీవీలో అంత గొడవైంది కదా. యాప్‌లో పడ్డదంతా అమ్మకం కాదని రేపెవరైనా అడిగితే చూపించడానికి మీ దగ్గర ఈ పుస్తకమే ఉంటుంది. అందుకని కుడిచేతివైపు ఒక గీత కొట్టి, బాకీ వసూలు, గల్లా ఖర్చు, నోటు మార్పిడి అప్పటికప్పుడు రాసేయండి. రాత్రికి రాద్దామంటే మరిచిపోతాం, నిన్న మీరు మరిచిపోలేదూ?

షట్టరు వేసిన టైము పక్కన యాప్ మొత్తం కూడా రాయండి. యాప్‌కి రోజంటే అర్ధరాత్రి దాకా. మీ స్టిక్కరు ఫోటో తీసుకున్న పుణ్యాత్మురాలు ఎవరైనా పదకొండింటికి ఇంటినుంచి బాకీ కొడితే, పొద్దున చూసేసరికి నిన్నటి అంకె మారిపోయి ఉంటుంది, మళ్ళీ కంగారు.

బ్యాంకులో ఎంత పడిందో పొద్దున చూశారా? 5,087? అయ్యో, కంపెనీ వాడు మోసం చేశాడని అన్నయ్యగారు అప్పుడే అంటున్నారా! మీది కంపెనీ క్యూఆర్ కాబట్టి స్కాన్ చేసిన డబ్బు ఒక్కొక్కటిగా రాదు, వాళ్ళు పోగుచేసి మర్నాడు ఒకే మొత్తంగా వేస్తారు. పాస్‌బుక్కులో గిరాకీ పేర్లు వెతికి లాభం లేదు. యాప్‌లో సెటిల్‌మెంట్ అని ఉంటుంది, అది తెరిచి ఆ మొత్తం మీద నొక్కండి. ఏ చెల్లింపులు అందులో కలిశాయి, ఏం కోశారు అన్నీ వరసగా ఉంటాయి. ఇదిగో, పెళ్ళివారు కొన్న 2,400 దగ్గర 43 కోత. వాళ్ళు బ్యాంకు ఖాతా నుంచి కాదు, రూపే క్రెడిట్ కార్డు నుంచి స్కాన్ చేశారు. ఖాతా నుంచి ఖాతాకి యూపీఐ చేస్తే 2020 నుంచీ కొట్టువాళ్ళకి కోత లేదు. క్రెడిట్ కార్డు తగిలించి కొడితే మాత్రం ఉంటుంది, చిన్న కొట్లకి రెండు వేల లోపైతే వదిలేస్తారు. 43 ఖర్చు కింద రాసుకోండి, లెక్క అక్కడికి సరి.

నిన్న మధ్యాహ్నం, డబ్బు పడగానే చెప్పే ఆ డబ్బా పలకలేదని ఒకాయనతో గొడవైందట కదా. డబ్బాలో వేరే సిమ్ ఉంటుందండీ, దానికి సిగ్నల్ అందకపోతే డబ్బు వచ్చినా మాట రాదు. అలాగని కొనేవాళ్ళు తమ ఫోనులో చూపించే పచ్చ టిక్కు నమ్మకండి, ఉత్తుత్తి టిక్కులు చూపించే యాప్‌లున్నాయి. మీ యాప్ తెరవండి, అందులో ఉంటే వచ్చినట్టు, లేకపోతే రానట్టు. వాళ్ళ ఖాతాలో నిజంగానే తగ్గిందంటే పన్నెండంకెల యూటీఆర్ నంబరు, ఫోను నంబరు రాసుకోండి. మామూలుగా అలాంటిది వెనక్కి వాళ్ళకే పోతుంది, లేదా ఆలస్యంగా మీకు పడుతుంది. పడ్డాక ఆ నంబరు చూస్తే ఎవరిదో తెలిసిపోతుంది, ఆయనతో రెండోసారి డబ్బు కట్టించినట్టు కాకుండా ఉంటుంది.

ఆ డబ్బాకి నెల అద్దె ఉందన్నారా మీకు? అయితే అది కూడా ఏదో ఒక రోజు ఈ సెటిల్‌మెంట్‌లోంచే లాగేసుకోవచ్చు. మొదటి నెల చూసి ఆ తేదీ పుస్తకం అట్టమీద రాసిపెట్టండి, లేకపోతే ఆ రాత్రి కూడా అన్నయ్యగారు నోట్లే లెక్కపెడతారు.