పారేద్దామనుకున్న సంచి

రెండేళ్లుగా ఒక స్క్రిప్టు రాస్తున్నాను. ఒక నౌక, నలుగురు మనుషులు, ఎనిమిది నెలల ప్రయాణం. మొదటి డ్రాఫ్టులో మూడో సీన్‌కే ఇద్దరు కాలర్లు పట్టుకున్నారు. చదివిన ఫ్రెండు ఒక్కటే అడిగాడు: "వీళ్లు నిన్నటిదాకా ఒకర్నొకరు నమ్మారని నేనెట్లా నమ్మాలి?"

జవాబు వెతుకుతూ స్కైలాబ్ దగ్గర ఆగాను. 1973 నవంబరు 16న కార్, గిబ్సన్, పోగ్ అక్కడికి బయల్దేరారు. ముగ్గురికీ అదే మొదటి అంతరిక్షయానం. వెళ్లగానే పోగ్‌కి వాంతి అయింది. కిందికి చెబితే డాక్టర్ల హడావిడి. సంచి పారేసి ఊరుకుందామనుకున్నారు. ఆ మాటలు నౌకలోని రికార్డరులో పడ్డాయి, టేపు కిందికి చేరింది. అలన్ షెపర్డ్ రేడియోలోనే మందలించాడు. కార్ తప్పు ఒప్పుకున్నాడు. తర్వాత పనిభారం మీద చికాకు పెరిగినా, డిసెంబరు 30న పైవాళ్లూ కిందివాళ్లూ మనసు విప్పి మాట్లాడుకున్నారు. షెడ్యూలు సడలింది. 84 రోజుల యాత్ర సజావుగా ముగిసింది.

నా కథ ఇందులోంచి ఒక్క ముక్క తీసేస్తే పుట్టింది: టేపు విన్నవాడు నోరు మెదపకపోతే?

అది నాకు తెలిసిన సంగతే. 2020 లాక్‌డౌన్‌లో నిడమనూరులో మా ఇంట్లో ఉన్నాను. ఉద్యోగం పోయింది. నాయనకు చెప్పలేదు. రోజూ తొమ్మిదింటికి లాప్‌టాప్ తెరిచి కూర్చునేవాణ్ణి. కొన్నాళ్లకి ఆయన ఎరువుల డబ్బులు నన్ను అడగడం మానేశాడు. మోటరు వేసిరమ్మని నాకు చెప్పి, వెనకే తనూ వెళ్లి చూసొచ్చేవాడు. నాలుగు నెలల తర్వాత తెలిసింది, నేను ఫోన్లో మాట్లాడిన మొదటి వారమే గోడ అవతల్నుంచి విన్నాడట.

"మరి అడగలేదేం?" అన్నాను.

"అడిగితే ఇంకో అబద్ధం చెప్తవని అడగలే."

అప్పుడు స్క్రిప్టు తిరగరాశాను. పన్నెండో రోజు, ఇంజినీరు తనకు కళ్లు తిరుగుతున్న సంగతి దాచాడని కమాండర్ టేపులో వింటాడు. అడగడు. ఇంకా ఏడు నెలలు ఈ మొహమే చూడాలి. గొడవైతే లేచి పోయే వీధి లేదు, చాడీ చెప్పుకునే మూడో ఇల్లు లేదు. ముప్పయ్యో రోజు, ఇంజినీరు రాసిన కార్బన్ డయాక్సైడ్ రీడింగును తనూ ఒకసారి చూసుకుంటాడు. నలభై ఏడో రోజు ఇంజినీరుకి లాగ్‌లో అదే రీడింగు నాలుగు నిమిషాల తేడాతో రెండోసారి, కమాండర్ పేరుతో కనిపిస్తుంది. అతనూ అడగడు. ఆ రోజు నుంచి అనుమానం రాని అంకెలు మాత్రమే రాస్తాడు. తొంభయ్యో రోజు గాలి నిజంగానే పాడవడం మొదలైతే, మళ్లీ తనను తనిఖీ చేస్తారని ఒక పూట ఆలస్యంగా చెబుతాడు.

కాలర్లు పట్టుకునే సీన్ తీసేశాను. ఇప్పుడు ప్రతి సీన్‌కీ నేను వేసుకునే పరీక్ష ఒకటే: ఈ ఇద్దరూ ఇక్కడ ఒక్క మాట అడిగితే కథ ఆగిపోతుందా? ఆగిపోవాలి. అడగకపోవడానికి కారణం చూసేవాళ్లకి న్యాయంగానే అనిపించాలి.

మా నాయనది నాకు ఇప్పటికీ న్యాయంగానే అనిపిస్తుంది. అదే బాధ.