రెన్ ఎక్కిన రైలు

పెనాంగ్ వెళ్ళినప్పుడు మీరు కూడా లీత్ వీధిలోని నీలి మేడ ముందు ఫోటో దిగే ఉంటారు. చియోంగ్ ఫాట్ జే అనే చీనా వ్యాపారి కట్టించిన మేడ అది. ‘క్రేజీ రిచ్ ఏషియన్స్’ సినిమాలో కథానాయిక, ఆమె ప్రియుడి తల్లి ఎదురెదురుగా కూర్చుని మాజాంగ్ ఆడతారు కదా, ఆ సన్నివేశం అక్కడే తీశారు.

మా అమ్మాయికి ఆ నవల ప్రాణం. పుస్తకం వెంట తెచ్చుకుంది. మేడలో ఒక మూల కూర్చుని ఆ పేజీ కోసం వెతికింది. చాలాసేపు వెతికి, “అమ్మా, ఈ పుస్తకంలో ఆ ఆటే లేదు” అంది. నిజమే, ఆ సన్నివేశం సినిమావాళ్ళు కొత్తగా చేర్చుకున్నది. పైగా కథ జరిగేది సింగపూర్‌లో. నవలలోని నానమ్మగారి పెద్ద బంగళాను కూడా కౌలాలంపూర్‌లోని కార్కోసా భవనాల్లో తీశారు. మేము మేడ చూశాం, ఫోటో దిగాం, బయటికొచ్చి చెండోల్ తాగాం. పిల్ల ముఖంలో మాత్రం వెలుగు లేదు.

మీరు అలాంటి ప్రయాణం అనుకుంటుంటే ముందు ఒక్కటి తేల్చుకోండి. మీకు కావలసింది సినిమా తీసిన చోటా, కథ జరిగిన చోటా? చాలాసార్లు ఇవి రెండూ వేరు. సినిమా తీసిన చోటయితే ఒక గంట చాలు. గోడ, మెట్లు, కిటికీ చూసి గుర్తుపట్టడంలో ఆ సరదా అయిపోతుంది. కథ జరిగిన చోటికి వెళ్ళేటట్టయితే ఒక పాత్ర చేసిన ప్రయాణాన్ని ఎంచుకోండి. ఆ పాత్ర ఎక్కిన చోట ఎక్కి, దిగిన చోట దిగండి. మధ్యలో ఉన్న దారి కూడా కథలోదే కాబట్టి రోజంతా పుస్తకంలోనే ఉంటారు.

మేము రెండోసారి అలాగే చేశాం. యాంగ్జీ చూ 2019లో రాసిన ‘ది నైట్ టైగర్’ నవల తీసుకున్నాం. కథాకాలం 1931, చోటు మన పేరాక్. పదకొండేళ్ళ రెన్ ఒక ముసలి డాక్టర్ దొర దగ్గర పనివాడు. తైపింగ్ పక్కన కముంటింగ్‌లో ఆ దొర చనిపోతూ, ఎప్పుడో తెగిపోయిన తన వేలు వెతికి తెచ్చి సమాధిలో పెట్టమని పిల్లవాణ్ణి అడుగుతాడు. అందుకు గడువు నలభైతొమ్మిది రోజులు. వేలు బాతు గాజాలో మరో డాక్టర్ దగ్గర ఉందని నమ్మి రెన్ రైలెక్కుతాడు. తరువాత ఏమవుతుందో నేను చెప్పను.

ఊరి పేరు ఒకసారి పైకి చదవండి. మలయ్ భాషలో బాతు అంటే రాయి. గాజా అంటే ఏనుగు. అది మన గజమే, సంస్కృతం నుంచి ఇక్కడికీ వచ్చింది.

తైపింగ్ నుంచి బాతు గాజాకు ఇప్పుడు ఈటీఎస్ రైలు ఉంది. ప్రయాణం గంటకు కాస్త పైన. అన్ని బళ్ళూ బాతు గాజాలో ఆగవు, టిక్కెట్టు కొనేముందే చూసుకోవాలి. స్కూలు సెలవుల్లో సీట్లు త్వరగా అయిపోతాయి. మా అమ్మ, నేను, మా అమ్మాయి ముగ్గురం పొద్దున బండి ఎక్కాం. ముందు వారమే నవల మొత్తం మళ్ళీ చదివాం. రైల్లో మాత్రం రెన్ ప్రయాణం ఉన్న పేజీలే తీశాం. మా అమ్మాయి ఇంగ్లీషులో చదివింది, నేను తెలుగులో చెప్పాను, అమ్మ కిటికీలోంచి చూస్తూ విన్నది.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. తైపింగ్ దాటాక బుకిత్ బెరాపిత్ కొండల దగ్గర పాత రైలు మార్గం అడవిలో మెలికలు తిరుగుతూ పోయేది. కొత్త మార్గం మూడు కిలోమీటర్లు దాటిన సొరంగంలో పోతుంది. పులి కథ చదువుతూ అడవి చూద్దామనుకుంటే కిటికీలో మా ముఖాలే కనబడ్డాయి. మా అమ్మాయి పుస్తకం మూసింది. సొరంగం దాటి పచ్చదనం వచ్చాకే మళ్ళీ తెరిచింది. మీరు వెళితే అక్కడ చదవకండి, కబుర్లు చెప్పుకోండి.

ఈపో స్టేషన్‌లో పాత కట్టడం ఇంకా ఉంది. తెల్లని గుమ్మటాల ఆ భవనం 1917లో పూర్తయింది. రెన్ కాలానికి అది ఇంచుమించు కొత్త భవనమే. బాతు గాజా స్టేషన్ అలా కాదు, రెండు పట్టాల విద్యుత్ మార్గం కోసం కట్టిన కొత్తది. దిగగానే రెన్ చూసిన ఊరు కనబడుతుందనుకుంటే నిరాశ తప్పదు. కారు పిలిపించుకుని పాత ఊరివైపు వెళ్ళాలి.

నవలలో సగం గొడవ బాతు గాజా ఆసుపత్రిలో జరుగుతుంది. ఇంగ్లీషువాళ్ళ నాటి ఆ ఆసుపత్రి నేటికీ పనిచేస్తోంది. లోపల రోగులున్నారు, వాళ్ళ చుట్టాలున్నారు. నవలలోని సామాను గది ఎక్కడని లోపలికి వెళ్ళి అడగడం మర్యాద కాదు. మేము రోడ్డు మీదే కాసేపు నిలబడి, చుట్టూ ఉన్న పెద్ద చెట్లను చూసి వచ్చేశాం. డాక్టర్ దొర ఇల్లు, ఈపోలో ఆ అమ్మాయి నాట్యం చేసే మే ఫ్లవర్ హాలు కల్పితాలు. వాటికోసం తిరగకండి. నవలల్లో ఊళ్ళ పేర్లు నిజమై, ఇళ్ళ పేర్లు కల్పితం కావడం మామూలే. ఆ తేడా ఇంటి దగ్గరే చూసుకుంటే రోజు వృథా కాదు.

మధ్యాహ్నం పుస్తకం పక్కన పెట్టాం. ఊరికి దగ్గరలో కెల్లీస్ కాసిల్ ఉంది, కారులో పది నిమిషాలు. విలియం కెల్లీ స్మిత్ అనే స్కాట్లాండ్ దొర మొదలుపెట్టిన మేడ అది. ఆయన 1926లో లిస్బన్‌లో న్యుమోనియాతో చనిపోయాడు, మేడ సగంలో ఆగింది. రెన్ ఈ ఊరు వచ్చేసరికి ఆ దొర పోయి అయిదేళ్ళు. కథాకాలంలో నిలబడి, ఇప్పటికీ మనం లోపలికి వెళ్ళగలిగే గోడలు కావాలంటే ఇవి ఉన్నాయి.

మేడ కడుతున్నప్పుడు కూలీలకు జబ్బు సోకి చాలామంది పోయారు. మారియమ్మకు గుడి కట్టిస్తే గాని పని సాగదని మిగిలినవాళ్ళు దొరకు చెప్పారట. గుడి దగ్గరలోనే ఉంది, ఇప్పటికీ పూజ జరుగుతోంది. పైకప్పు మీద దేవతల బొమ్మల వరుసలో దొర బొమ్మ కూడా ఉంది. మా అమ్మ చెప్పులు విడిచి దండం పెట్టుకుని, తలెత్తి చాలాసేపు చూసింది.

“దొర బొమ్మ పెట్టారు. కట్టినవాళ్ళు ఎవరో?” అంది.

నాకు జవాబు తెలియలేదు. మనం ఇష్టపడి చదివే మలయా నవలల్లో మనవాళ్ళు చాలాసార్లు ఇలాగే ఉంటారు. బండి తోలుతూనో, తోటలో పనిచేస్తూనో ఒక వాక్యంలో వచ్చి పోతారు. ‘ది నైట్ టైగర్’ నాకెంతో నచ్చిన పుస్తకం. అయినా ఆ గుడి ముందు నిలబడ్డప్పుడు దానిలో నాకు చోటు కనిపించలేదు. ఇలాంటి ప్రయాణంలో పుస్తకంలో లేని చోటు ఒక్కటైనా పెట్టుకోమని మీకు చెప్పేది అందుకే.

సాయంత్రం కౌలాలంపూర్ బండి ఎక్కాం. వాన మొదలైంది. తాపా రోడ్ స్టేషన్‌లో బండి ఆగినప్పుడు అమ్మ ఉన్నట్టుండి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది.

“మా నాన్న ఇక్కడే బండి మారేవాడు” అంది.

అప్పట్లో తెలుక్ ఆన్సన్ నుంచి తాపా రోడ్‌కు ఒక చిన్న రైలు మార్గం ఉండేది. తెలుక్ ఆన్సన్ అంటే ఇప్పటి తెలుక్ ఇంతాన్. తాతయ్య పనిచేసిన కొబ్బరి తోట అటువైపే. ఆ మార్గం ఎప్పుడో మూసేశారు. ఇన్నేళ్ళలో అమ్మ ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

“అమ్మమ్మా, ఏ తోట? అక్కడినుంచి స్టేషన్‌కు ఎలా వచ్చేవారు?” అని మా అమ్మాయి పుస్తకం చివరి ఖాళీ పేజీ తెరిచి, పెన్ను తీసింది.

“నడిచేవారే. వానలో అయితే మోకాళ్ళ దాకా బురద” అంటూ అమ్మ మొదలుపెట్టింది.