పదహారేళ్ల కొడుకు, ఆరు నెలల ప్రీమియం

నేను టెక్సాస్‌లో, డాలస్ శివార్లలోని ఫ్రిస్కోలో కార్ ఇన్సూరెన్స్ ఏజెంటుని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో మన తెలుగువాళ్లే ఎక్కువ. పిల్లాడికి లైసెన్సు రాగానే వాళ్లడిగే మొదటి మాట, “బండికి ఇన్సూరెన్స్ ఉందిగా, మళ్లీ వాడి పేరెందుకు?” అని. ఊళ్లో అలవాటు అలాంటిది. అక్కడ పాలసీ బండికి ఉంటుంది, ఇంట్లో ఎవరెవరు తోలతారని ఎవరూ అడగరు. ఇక్కడ ఆ ఇంట్లో ఉండేవాళ్లలో స్టీరింగ్ పట్టేది ఎవరో చూసే కంపెనీ ధర కడుతుంది. ఎప్పుడో ఒకసారి బండి అడిగి తీసుకెళ్లే స్నేహితుడి సంగతి వేరు, రోజూ తాళం చేతిలో ఉండే కొడుకు సంగతి వేరు. చెప్పకుండా దాస్తే ఆ నిజం బయటపడేది ప్రమాదం జరిగాకే. అప్పుడు క్లెయిమ్ దగ్గరే పేచీ మొదలవుతుంది.

వరంగల్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినాయన ఒకరు నిరుడు నా దగ్గరికి వచ్చారు. ఇంట్లో రెండు బండ్లు. ఒకటి అప్పు మీద కొన్న కొత్త ఎస్‌యూవీ, రెండోది అప్పు తీరిపోయిన పాత కరోలా. ఆరు నెలల ప్రీమియం సుమారు 1,300 డాలర్లు. కొడుకు లర్నర్ లైసెన్సుతో ఉన్నన్నాళ్లూ కంపెనీ వాడి పేరు రాసుకుంది తప్ప ఏమీ పెంచలేదు. పదహారు నిండి సొంతంగా తోలే లైసెన్సు రాగానే కంప్యూటర్ 2,900 చూపించింది.

“అన్నా, వాడి పేరు మీద వేరే పాలసీ తీస్తే?” అన్నారు. తీస్తే ఇంకా ఎక్కువవుతుంది. పెద్దల రికార్డు, ఎక్కువ బండ్లున్నందుకిచ్చే తగ్గింపు, రెండూ వాడికి అందవు. “పోనీ వాడు తోలడని రాసిచ్చేస్తే?” టెక్సాస్‌లో అలా ఒక మనిషిని మినహాయించే కాగితం ఉంది. ధర దిగుతుంది. కానీ ఆ సంతకం పెట్టాక ఒక్కరోజు వాడు పాలకని బండి తీసి ఎవరినైనా గుద్దితే పాలసీ లేనట్టే లెక్క. పదహారేళ్లవాడున్న ఇంట్లో తాళాలు హాల్లో కొక్కేనికి వేలాడుతుంటే ఆ సంతకం నేను పెట్టించను.

మూడో ఆలోచన అందరికీ వచ్చేదే: లయబిలిటీ తగ్గించడం. చట్టం అడిగే కనీసం 30/60/25. అంటే ఎదుటివాళ్లలో ఒక్కరి గాయాలకు 30 వేలు, ప్రమాదం మొత్తానికి 60 వేలు, వాళ్ల ఆస్తికి 25 వేలు. అమెరికా ఆసుపత్రిలో ఆ 30 వేలు కొన్ని రోజులకే అయిపోవచ్చు. మిగతాదానికి ఇంటివాళ్ల మీద దావా పడొచ్చు. కొత్త డ్రైవర్ చేరిన ఏడాదే ఈ అంకె తగ్గించడం తలకిందుల పని. ఆయనకున్న 100/300/100ని అలాగే ఉంచాం.

డబ్బు మిగిలింది కరోలా దగ్గర. ఆ బండి విలువ 4,500 కన్నా ఎక్కువ ఉండదు. డిడక్టబుల్ వెయ్యి. అంటే బండి పూర్తిగా పోయినా చేతికొచ్చేది 3,500. కుర్రాడిని ఆ బండికి రాస్తే కొలిజన్ ఒక్కదానికే ఆరు నెలలకు 480, ఏడాదికి 960. అది తీసేయించాం. కాంప్రహెన్సివ్ మాత్రం ఉంచమన్నాను. అది చవక, పైగా మా వైపు వడగళ్లు పడితే బండి పైకప్పంతా సొట్టలే. ఎస్‌యూవీకి అప్పుంది కాబట్టి దాని కొలిజన్ తీసే వీల్లేదు. డిడక్టబుల్ 500 నుంచి వెయ్యికి పెంచితే 90 తగ్గింది. ప్రమాదం జరిగితే వెయ్యి చేతి నుంచి పెట్టుకోగలరా అని ముందే అడిగాను.

ఒక సంగతి. కుర్రాడిని పాత బండికి రాయడం అన్ని కంపెనీల్లోనూ కుదరదు. కొన్ని వాడిని ఖరీదైన బండికే కట్టి లెక్కేస్తాయి. కుదిరినచోట కూడా రాసింది నిజమవ్వాలి. కాగితం మీద కరోలా, రోజూ స్కూలుకి ఎస్‌యూవీ అంటే అది దాచడమే. ఎప్పుడైనా ఒకసారి ఎస్‌యూవీ తోలితే ఫరవాలేదు.

మార్కుల తగ్గింపు ఇంకో 200. సాధారణంగా సగటు ‘బి’ ఉంటే చాలు. అయితే ట్రాన్‌స్క్రిప్ట్ ఒకసారి ఇచ్చి మర్చిపోతారు. కంపెనీ మళ్లీ అడిగినప్పుడు పంపకపోతే తగ్గింపు చప్పుడు లేకుండా ఎగిరిపోతుంది. రెన్యువల్ కాగితం రాగానే ఆ వరస ఉందో లేదో చూసుకోమంటాను. ఫోన్‌లో యాప్ పెట్టి డ్రైవింగ్ కొలిచే పథకం ఆయన వద్దన్నారు. నేనూ బలవంతపెట్టలేదు. గట్టిగా బ్రేకులు వేసే కొత్త చేతులకి కొన్ని కంపెనీలు ధర పెంచుతాయి కూడా.

అన్నీ పోను 2,130 దగ్గర ఆగింది. 1,300 కన్నా చాలా ఎక్కువే, నేను కాదనను. రెండేళ్లకి వాడు ఆస్టిన్‌లో కాలేజీకి వెళ్లి, బండి ఇంటి దగ్గరే వదిలేస్తే, నూరు మైళ్ల పైన దూరం కాబట్టి ఇంకో తగ్గింపు అడగొచ్చు. పేరు మాత్రం పాలసీలోంచి తీయకూడదు. థాంక్స్‌గివింగ్ సెలవులకి ఇంటికొచ్చి మళ్లీ తాళం తీసేది వాడేగా.