ముందు పాదం, తర్వాత చేయి

మా కొండ ఊరి బడిలో ఒకటో తరగతి పిల్లలకు మొదట చప్పట్లతోనే తాళం నేర్పబోయాం. మూడు చప్పట్లు, నాలుగో లెక్కకు మౌనం. రెండు చుట్లకే వేగం పెరిగేది. ఆ ఖాళీలో కూడా చప్పట్లు పడేవి. వీళ్లకు లయ రాదనుకున్నాం.

ధింసాలో మన ఆడవాళ్లు ఒకరి నడుము వెనుక ఒకరు చేతులు కలుపుకొని ఆడతారు. చప్పట్లకు చేతులే ఖాళీ ఉండవు, తాళమంతా పాదాల్లోనే. అది గుర్తొచ్చి పిల్లల్నీ అలాగే వరుసగా నిలబెట్టాం. కుడి, ఎడమ, కుడి, ఎడమ. ఒకరు తొందరపడితే పక్కవారి చేయి లాగుతుంది. మేము చెప్పనక్కర్లేదు.

అడుగు కుదిరాక చేతులు విడిపించాం. అడుగు ఆపకుండా మూడు చప్పట్లు కొట్టి, నాలుగో లెక్కకు అరచేతులు మెల్లగా భుజాల మీద పెట్టాలి. అప్పుడు పాదాల చప్పుడే వినిపించాలి. చేతికి పని దొరికాక ఎవరూ తొందరపడలేదు. కొన్నాళ్లకు భుజాలు తాకడం కూడా మానిపించాం. ఖాళీ ఖాళీగానే నిలిచింది.

ఇంట్లో కువి మాట్లాడే ఒక పాపకు తెలుగు ఇంకా రాదు. తరగతిలో ఎప్పుడూ నోరు విప్పలేదు. ఇప్పుడు వరుస మొదట నిలబడి అందరికీ అడుగు చూపేది ఆమే.